రెండు చిల్లర్లు, 600 టన్నులు: ఏ షరతుకు జరిమానా, ఏ షరతుకు గోడ

హైదరాబాద్‌లో మాదాపూర్ వైపు ఒక ఆఫీసు బిల్డింగ్. కింద బేస్‌మెంట్‌లో ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే రెండు వాటర్ కూల్డ్ చిల్లర్లు ఉన్నాయి. వాటి కూలింగ్‌ను టన్నుల్లో కొలుస్తారు. కొత్తది 400 టన్నులది, పాతది 350 టన్నులది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో బిల్డింగ్‌కు 600 టన్నుల కూలింగ్ కావాలి, అంటే రెండూ నడవాల్సిందే. ఏది ఎంత మోయాలి అన్నదే ప్రశ్న. అక్కడి అలవాటు ప్రకారం కెపాసిటీని బట్టి పంచేవారు: కొత్తదానికి 320, పాతదానికి 280. కరెంటు ఖర్చు అంతకన్నా తగ్గే పంపకం ఉందా అని చూడమన్నారు.

ఇలాంటి లెక్కను ఏదైనా సాల్వర్‌లో పడేస్తే క్షణంలో జవాబు వస్తుంది. కానీ ప్లాంట్‌లోని కంట్రోలర్‌లో సాల్వర్ ఉండదు, పది ఇరవై లైన్ల కోడ్‌కు మాత్రమే చోటుంటుంది. అందుకే షరతులున్న సమస్యను షరతుల్లేని చిన్న సమస్యల వరసగా మార్చే పాత పద్ధతులే పట్టుకున్నాను. వాటిలో రెండు రకాలున్నాయి, పెనాల్టీ, బారియర్. ఈ కేసులో రెండూ అవసరమయ్యాయి. ఏ షరతును దేనికి అప్పగించాలి అన్న దగ్గరే అసలు పని ఉంది.

ముందు లెక్క. మీటర్ రీడింగుల నుంచి ఒక్కో చిల్లర్‌కు లోడ్‌ను బట్టి ఎన్ని కిలోవాట్లు తాగుతుందో ఒక వక్రరేఖ గీశాం. చూపించడానికి వీలుగా అంకెలను గుండ్రం చేస్తున్నాను. కొత్త చిల్లర్ లోడ్ `x` టన్నులు, పాతదాని లోడ్ `y` టన్నులు అనుకుంటే:

```
PA = 40 + 0.35 x + 0.0005 x²
PB = 45 + 0.45 y + 0.0007 y²
కనిష్ఠం చేయాల్సింది: PA + PB
షరతులు: x + y = 600,  x ≤ 360
```

కొత్త చిల్లర్ 400 టన్నులదైనా 360 దగ్గర ఆపాలి. కూలింగ్ టవర్‌కు వచ్చేది ఎక్కువగా బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. ఆ ఉప్పు నీళ్లతో కండెన్సర్ ట్యూబుల్లో పొర పేరుకుంది. లోడ్ పెంచితే హెడ్ ప్రెషర్ ఎక్కి మోటార్ కరెంట్ హద్దుకు తగులుతోంది. పాతదానికి గరిష్ఠం 350, రెండింటికీ కనిష్ఠ హద్దులూ ఉన్నాయి. ఈ లోడ్ దగ్గర అవి దూరంగా ఉంటాయి కాబట్టి చేతి లెక్కలో వదిలేస్తున్నాను, ప్రోగ్రామ్‌లో మాత్రం అన్నీ ఉన్నాయి.

360 సంగతి కాసేపు పక్కన పెట్టి 600 షరతును చూద్దాం. పెనాల్టీ పద్ధతి ఆలోచన సూటిగా ఉంటుంది. షరతును తీసేసి, దాన్ని తప్పినందుకు ఖర్చులోనే జరిమానా కలపాలి. రిచర్డ్ కూరాంట్ 1943లోనే ఈ దారి చూపించాడు.

```
PA + PB + (ρ/2)(x + y − 600)²
```

`ρ` అనేది జరిమానా రేటు. ట్రాఫిక్ చలానా వంద రూపాయలే అయితే తొందరలో ఉన్నవాడు సిగ్నల్ దాటేసి కట్టేస్తాడు; చలానా పెరిగే కొద్దీ ఆగుతాడు. ఈ లెక్క కూడా అచ్చంగా అదే బేరం ఆడుతుంది. కూలింగ్ ఇవ్వడానికి కరెంటు ఖర్చవుతుంది కాబట్టి కాస్త తక్కువ ఇచ్చి జరిమానా కట్టడమే లాభమని చూసుకుంటుంది. `ρ` 0.01 అయితే 70.1 టన్నులు తక్కువ ఇస్తుంది. 0.1కి లోటు 7.37 టన్నులు, 1కి 0.74, 10కి 0.074.

ఈ అంకెల్లో ఒక తీరు కనిపిస్తుంది. రేటు పదింతలైతే లోటు సుమారు పదో వంతు అవుతోంది. కారణం డెరివేటివ్‌లో ఉంది. కనిష్ఠం దగ్గర రెండు చిల్లర్లకూ అదనపు టన్ను ఖర్చు సమానమై, ఆ విలువ `ρ × లోటు`కు సమానంగా ఉండాలి. షరతును కచ్చితంగా పాటించినప్పుడు ఆ అదనపు టన్ను ఖర్చు 0.7417 కిలోవాట్లు. కాబట్టి లోటు ఎప్పుడూ దాదాపు `0.7417/ρ`. `ρ` ఎంత పెద్దదైనా అది సున్నా కాదు. పైగా తప్పు ఎప్పుడూ ఒకే వైపు, తక్కువ కూలింగ్ వైపే పడుతుంది. అంకెలు చూసేవాళ్లు దీన్ని కంప్యూటర్ రౌండింగ్ అనుకుని వదిలేయకూడదు. ఆ లోటు పద్ధతిలోనే ఉంది.

మరి `ρ`ను ఒకేసారి పది లక్షలు పెట్టేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. ఎందుకో చూడాలంటే ఆ ఖర్చు ఉపరితలం ఆకారం గమనించాలి. `x`, `y` రెండూ కలిసి పెరిగే దిశలో వంపు దాదాపు `2ρ`. ఒకటి పెంచి మరొకటి తగ్గించే దిశలో, అంటే మనకు అసలు కావాల్సిన పంపకం దిశలో, వంపు 0.0012 మాత్రమే. `ρ` 10 అయితే ఈ రెండింటి నిష్పత్తి పదహారు వేలు దాటుతుంది. అది నిటారు గోడలున్న సన్నటి లోయ లాంటి ఉపరితలం. గ్రేడియంట్ డిసెంట్ అందులో దిగితే, గోడలకు కొట్టుకోకుండా ఉండాలంటే అడుగు బాగా చిన్నది వేయాలి. ఆ అడుగుతో లోయ పొడవునా మిగిలిన దూరంలో పదివేలో వంతు కూడా తగ్గదు. బయటి నుంచి చూస్తే వింతగా కనిపిస్తుంది: మొత్తం లోడ్ వెంటనే 600కు దగ్గరవుతుంది, ఖర్చు అంకె కదలడం మానేస్తుంది, ఆగిపోయే పరీక్ష పాసవుతుంది. కానీ పంపకం మొదలుపెట్టిన చోటు దగ్గరే ఉంటుంది. ఇది పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే: రెండు వేర్వేరు మొదటి విలువల నుంచి నడిపి చూస్తాను. జవాబులు కలవకపోతే లెక్క ఇంకా లోయ మధ్యలోనే ఉందన్నమాట.

న్యూటన్ పద్ధతి వాడితే ఈ చిన్న లెక్కకు ఒక్క అడుగు చాలు, వంపుల తేడా దాన్ని ఆపదు. కానీ `ρ`ను లక్షల కోట్లకు తీసుకుపోతే దానికీ అంకెల కచ్చితత్వం కరిగిపోతుంది. కంట్రోలర్‌లో సింగిల్ ప్రెసిషన్ మాత్రమే ఉంటే ఆ ఇబ్బంది చాలా ముందే వస్తుంది.

దీనికి మంచి మందు 1969లో హెస్టెనెస్, పవెల్ విడివిడిగా కనిపెట్టారు. రేటు పెంచుకుంటూ పోకుండా, జరిమానాతో పాటు ఒక ధరను కూడా కలపాలి. ఆ ధర పేరు `λ`. అది సున్నా దగ్గర మొదలవుతుంది, ఖర్చులో `λ(600 − x − y)` అనే పదంగా చేరుతుంది. ఒక్కో రౌండ్ అయ్యాక మిగిలిన లోటును చూసి దాన్ని సరిదిద్దాలి:

```
λ = λ + ρ * (600 - x - y)
```

`ρ`ను 0.01 దగ్గరే ఉంచాను. మొదటి రౌండ్‌లో లోటు 70.1 టన్నులు. రెండో రౌండ్‌లో 3.9, మూడులో 0.21, నాలుగులో 0.012. `ρ`ను వెయ్యింతలు చేస్తే వచ్చేదానికన్నా మెరుగైన ఫలితం, ఉపరితలం మాత్రం మొదటి రౌండ్‌లో ఉన్నంత మృదువుగానే ఉంది. `ρ`ను పెంచడం ఒక్కటే తెలిసినవాళ్లకు ఈ ఒక్క లైను నేర్పితే చాలు, సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు 360 హద్దు. దీనికీ జరిమానా పెడదామన్నది తొలి ఆలోచన. దాటినప్పుడు మాత్రమే పడే జరిమానా: `x` 360 లోపు ఉంటే సున్నా, దాటితే దాటినదాని వర్గం. కానీ 600 షరతు దగ్గర చూసిన తీరే ఇక్కడా ఉంటుంది. హద్దు లేకపోతే ఈ లెక్క కొత్త చిల్లర్‌ను 391.7కు తీసుకుపోవాలని చూస్తుంది. కాబట్టి జరిమానా ఎంతైనా అది హద్దును కాస్త దాటే నిలబడుతుంది. `ρ` 0.01కి 6.1 టన్నులు, 0.1కి 0.74 టన్నులు దాటుతుంది. కాగితం మీద 0.74 చిన్నదే. కానీ అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జ్ చెప్పిన మాట వినండి: "సార్, 600కు ఓ పది టన్నులు తక్కువైనా ఎవ్వరికీ తెల్వది. గానీ ఆ కరెంట్ హద్దు దాటిందంటే మిషన్ ట్రిప్ అయితది. ట్రిప్ అయితే మళ్ల స్టార్ట్ కావాలంటే టైమర్ పూర్తయ్యేదాకా ఆగాలె. అప్పటికి పైనుంచి ఫోన్లు మొదలైతయ్."

నేను షరతులను పంచింది ఆ మాట మీదే. 600 అన్నది నీటి ఫ్లో మీటరు, రెండు ఉష్ణోగ్రతల తేడా కలిపి వేసిన అంచనా. ఆ మీటర్ల పొరపాటే పది టన్నుల పైన ఉండొచ్చు. అలాంటి షరతు కాస్త తప్పినా ఫర్వాలేదు, అది పెనాల్టీకి తగినది. 360 అలా కాదు. లెక్క మధ్యలో కూడా దాటకూడదు, ఎందుకంటే కంట్రోలర్‌లో సమయం అయిపోతే అప్పటికి చేతిలో ఉన్న విలువే మిషన్‌కు వెళ్తుంది. అలాంటిదానికి బారియర్ కావాలి.

బారియర్ పద్ధతిలో లోపలి వైపు నుంచే హద్దును సమీపిస్తాం. రాగ్నర్ ఫ్రిష్ 1955లో లాగరిథమ్‌తో దీన్ని ప్రతిపాదించాడు. 1960ల్లో ఫియాకో, మెకార్మిక్ దీనికి పూర్తి రూపం ఇచ్చారు. 600 షరతు కచ్చితంగా పాటిస్తున్నామని `y`ను `600 − x`గా మార్చితే ఒక్క తెలియని విలువే మిగులుతుంది. అప్పటి PA + PBను `f(x)` అందాం:

```
f(x) − t · ln(360 − x)
f'(x) = 0.0024 x − 0.94
```

`x` 360కు దగ్గరయ్యే కొద్దీ ఆ లాగ్ పదం అనంతంగా పెరుగుతుంది, కాబట్టి కనిష్ఠం ఎప్పుడూ లోపలే ఉంటుంది. `t`ను తగ్గించే కొద్దీ ఆ గోడ పలచబడి జవాబు హద్దుకు చేరువవుతుంది. `t` 10 అయితే `x` 309.4. 1 అయితే సరిగ్గా 350. 0.1కి 358.73, 0.01కి 359.87.

ఎక్కడ ఆపాలో ఇక్కడ ముందే తెలుస్తుంది. ఇలాంటి కుంభాకార లెక్కలో, ఒక్క బారియర్ పదం ఉంటే, అసలు కనిష్ఠానికి మనం ఉన్న చోటికి ఖర్చులో తేడా `t` కన్నా ఎక్కువ ఉండదు. నాలుగు హద్దులుంటే `4t`. `t` 0.1 దగ్గర లెక్కించి చూస్తే నిజంగా ఉన్న తేడా 0.098 కిలోవాట్లు, దాదాపు హామీ ఇచ్చినంత. పెనాల్టీలో ఇంత తేలిగ్గా చేతికొచ్చే హామీ లేదు. చిల్లర్ ప్యానెల్‌లో డిమాండ్ లిమిట్‌ను ఒక్కో శాతం చొప్పునే మార్చగలం. 400 టన్నుల మిషన్‌కు అది 4 టన్నులు. కాబట్టి 358.73కీ 360కీ తేడా ఆ ప్యానెల్‌కు కనపడదు, `t`ను ఇంకా తగ్గించడం వృథా శ్రమ.

ఇక బారియర్‌లో తప్పు జరిగే చోటు. ఇది ఒక్కటి దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎర్రర్ రాదు. `t` 1 దగ్గర `x` 350 అని వచ్చింది. తొందరపడి తర్వాతి `t`ను 0.01 చేశామనుకోండి. 350 దగ్గర గ్రేడియంట్ −0.099, వంపు 0.0025. న్యూటన్ అడుగు 39.6 టన్నులు. అంటే `x` ఒక్క దూకులో 389.6కు పోయింది, గోడ అవతలికి. అక్కడ లాగ్ లెక్కిస్తే ఋణ సంఖ్య మీద లాగ్, ఫలితం `nan`. అది కనపడితే అదృష్టమే. కానీ చాలామంది న్యూటన్ కోడ్‌లో గ్రేడియంట్, వంపు మాత్రమే లెక్కిస్తారు, లాగ్‌ను అసలు పిలవరు. `t/(360 − x)` అవతల కూడా ఒక మామూలు ఋణ సంఖ్యే. దాంతో లెక్క నిశ్శబ్దంగా కొనసాగి 391.8 దగ్గర కుదురుకుంటుంది, గ్రేడియంట్ సున్నా అవుతుంది, వంపు ధనమే, ప్రోగ్రామ్ `converged` అంటుంది. హద్దే లేకపోతే వచ్చే జవాబు అది!

లాగ్‌ను లెక్కిస్తున్నా కూడా ఒక ఉచ్చు ఉంది. ఖర్చు పెరిగితే అడుగు సగం చెయ్యి అని `while f_new > f_old:` అని రాస్తే, `nan` దేనికన్నా పెద్దది కాదు కాబట్టి ఆ షరతు తప్పవుతుంది, చెడ్డ అడుగు ఖాయమైపోతుంది. పరీక్షను తిప్పి `while not (f_new <= f_old):` అని రాయాలి. ఇంతకన్నా నమ్మకమైన దారి, అడుగు వేసే ముందే గోడకు ఉన్న దూరం చూసుకుని అందులో 95 శాతం దాటకుండా కత్తిరించడం:

```python
def barrier(x, t):
    for _ in range(50):
        d = 360 - x
        g = 0.0024*x - 0.94 + t/d
        h = 0.0024 + t/d**2
        s = -g/h
        if s > 0:
            s = min(s, 0.95*d)
        x += s
        if abs(s) < 1e-6:
            break
    return x
```

`t`ను 1 నుంచి 0.1కి తగ్గించి 350 దగ్గర మొదలుపెడితే, న్యూటన్ 26 టన్నులు దూకమంటుంది. కత్తిరిస్తే 359.5 దగ్గర ఆగుతుంది. అది గోడకు మరీ దగ్గర, అందుకే తర్వాతి అడుగులు వెనక్కి పడతాయి: 359.2, 358.9, 358.76, చివరికి 358.73. వెనక్కి నడుస్తోందని కంగారు పడనక్కర్లేదు. `t`ను ఒక్కసారి మరీ తగ్గించినప్పుడు పాత కనిష్ఠం కొత్తదానికి మంచి మొదలు కాదు, అంతే. సగం సగం చేస్తూ పోతే మొదటి అడుగే లోపల పడుతుంది, రౌండ్లు మాత్రం ఎక్కువవుతాయి. నేను ప్రతిసారీ ఐదో వంతుకు తగ్గిస్తూ, కత్తిరింపు ఎప్పుడూ ఉంచుతాను. చివర్లో `t/(360 − x)` విలువను ప్రింట్ చేయిస్తాను. అది ధనంగా ఉండి, `t` తగ్గే కొద్దీ ఒక సంఖ్య దగ్గర స్థిరపడాలి. ఇక్కడ `t` 1, 0.1, 0.01 దగ్గర 0.1, 0.079, 0.0763 అని వచ్చి 0.076 వైపు పోతుంది. ఋణంగా వచ్చిందంటే గోడ దాటేశామన్నమాట, మిగతా అంకెలు ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదు.

రెండూ కలిపి నడిపినప్పుడు 600 షరతుకు `λ` సవరణ, 360కి బారియర్. గోడ తగిలాక లోటు తగ్గడం కాస్త నెమ్మదిస్తుంది, ఎందుకంటే సర్దుకోవడానికి పాత చిల్లర్ ఒక్కటే మిగిలింది: 70.1 తర్వాత సుమారు 7.5, 0.92, 0.11. అసలు కనిష్ఠం కొత్తదానికి 360, పాతదానికి 240, మొత్తం 424.1 కిలోవాట్లు. పాత అలవాటు 320, 280కి 429.1. గంటకు ఐదు యూనిట్లు మిగులుతాయి, అంటే 1.2 శాతం. పెద్ద ఆదా కాదు, ఆ మాట మేనేజర్‌కు అలాగే చెప్పాను. కానీ ఇందుకు ఒక్క రూపాయి పెట్టుబడి లేదు, ప్యానెల్‌లో రెండు అంకెలు మారతాయి.

నాకు ఎక్కువ పనికొచ్చింది పక్కన దొరికిన రెండు ధరలు. `λ` 0.786 అయింది. ఆ గంటలో బిల్డింగ్ ఒక టన్ను తక్కువ అడిగితే మిగిలేది 0.786 కిలోవాట్లు. ఖాళీ ఫ్లోర్‌లో చల్లగాలి పంపే ఏహెచ్‌యూ ఆపితే ఎంత కలిసొస్తుందో దీంతో చెప్పొచ్చు. రెండోది 0.076. హద్దు ఒక టన్ను పైకి జరిగితే వచ్చే ఆదా అది. ట్యూబులు శుభ్రం చేయించి 400 దాకా వెళ్దామా అన్న చర్చ అప్పటికే నడుస్తోంది. ఆ ధరను 31.7 టన్నులతో గుణిస్తే 2.4 కిలోవాట్లు వస్తాయి, కానీ ముందుకు జరిగే కొద్దీ ధర సున్నాకు తగ్గుతుంది కాబట్టి నిజమైన ఆదా దానిలో సగం, 1.2 కిలోవాట్లే. ఈ ధర హద్దు దగ్గరి చిన్న మార్పుకే చెల్లుతుంది. హద్దు పెంచడం కోసమే అయితే శుభ్రం చేయించడం గిట్టదు. అయినా చేయించమనే అన్నాను, వేరే కారణంతో: పొర పోతే ఆ మిషన్ వక్రరేఖ మొత్తమే కిందికి దిగుతుంది, ప్రతి టన్నుకూ కరెంటు తగ్గుతుంది. ఆ లాభం ఈ 0.076లో కనపడదు, ఎందుకంటే ఇక్కడ వక్రరేఖ మారదని అనుకున్నాం.

మే నెలలో లోడ్ 720 టన్నులు అడిగితే ఏమవుతుంది? కొత్తది 360, పాతది 350 కలిపితే 710. షరతులన్నీ తీరే చోటే లేదు. 720 షరతునూ కచ్చితంగా పెట్టి బారియర్ ఒక్కదానితో నడిపితే మొదలుపెట్టడానికి లోపలి బిందువే దొరకదు, ప్రోగ్రామ్ అక్కడే చతికిలబడుతుంది. మా అమరికలో అలా జరగలేదు. హద్దుల లోపల ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు, కూలింగ్ షరతు జరిమానాగా ఉంది కాబట్టి లెక్క రెండు మిషన్లనూ గోడల దగ్గరకు నెట్టి అక్కడ నిలబడుతుంది. గుర్తు `λ`లో కనిపిస్తుంది: లోటు పది టన్నుల దగ్గర ఆగిపోతుంది, `λ` మాత్రం రౌండ్‌కు 0.1 చొప్పున ఆగకుండా ఎక్కుతుంది. వరసగా కొన్ని రౌండ్లు ఇలా కనిపిస్తే లెక్కను ఆపి, ఆపరేటర్‌కు "కూలింగ్ చాలదు, పది టన్నులు తక్కువ" అని స్క్రీన్ మీద చూపించమని రాశాం. అప్పుడు ఏ ఫ్లోర్‌కు తగ్గించాలో మనిషే తేల్చాలి.

ఈ పద్ధతి చేయలేనిది ఒకటుంది, చిల్లర్‌ను ఆపేయాలా అన్న నిర్ణయం. రాత్రి లోడ్ 300 టన్నులకు పడితే కొత్తదొక్కటి చాలు. కానీ పాతదాని కనిష్ఠ హద్దు కూడా ఒక బారియర్ పదమే. అది లోడ్‌ను ఆ హద్దు పైనే పట్టి ఉంచుతుంది, సున్నాకు ఎప్పటికీ రానివ్వదు. ఆ 45 కిలోవాట్ల స్థిర ఖర్చు కూడా డెరివేటివ్‌లో కనపడదు. అందుకే రెండూ నడిచినప్పుడు, ఒక్కొక్కటే నడిచినప్పుడు అని మూడు లెక్కలు విడివిడిగా వేసి, స్థిర ఖర్చుతో సహా మొత్తం కిలోవాట్లను పోల్చి, తక్కువదాన్ని ఎంచుకునేలా పెట్టాం. రెండు మిషన్లకు మూడు లెక్కలే. ఐదు మిషన్లుంటే 31 అవుతాయి, అది కూడా ఈ కంట్రోలర్ మోయగలదు.